“రెండు రోజులు వాయిదా” అని రాస్తే సరిపోతుందా? స్కూల్ సర్క్యులర్ మీద మీ మాట చెప్పండి

కరీంనగర్ అమ్మ (శనివారం, 2025 ఏప్రిల్ 5)
మా అబ్బాయి ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి. నిన్న రాత్రి 9 దాటాక వాట్సాప్‌లో వచ్చిన సర్క్యులర్ ఇది:

“ఏప్రిల్ 7 నుంచి జరగాల్సిన ఎస్ఏ-2 పరీక్షలు రెండు రోజులు వాయిదా వేయడమైనది. మిగతా టైమ్‌టేబుల్ యథాతథం. పరీక్ష రోజుల్లో విద్యార్థులను త్వరగా పంపిస్తాము. తల్లిదండ్రులు సహకరించగలరు.”

పాత టైమ్‌టేబుల్ ప్రకారం 7న తెలుగు, 8న హిందీ, 9న ఇంగ్లిష్, 10న లెక్కలు, 11న సైన్స్, 15న సోషల్. ఇప్పుడు లెక్కల పరీక్ష ఏ రోజు? ఇది స్పష్టంగా ఉన్న సర్క్యులరేనా, నాకే అర్థం కావడం లేదా?

పాలమూరు నాన్న
ఇందులో అర్థం కానిది ఏముంది అక్కా? 10కి రెండు కలిపితే 12. శనివారం లెక్కలు.

నిజామాబాద్ టీచర్
12 రెండో శనివారం, సెలవు. కాబట్టి లెక్కలు 15న. సోమవారం ఆఫీసుకు ఫోన్ చేస్తే చెప్తారు కదా. ఇంత చిన్న విషయానికి ఇక్కడ పంచాయితీ ఎందుకో నాకు అర్థం కాలేదు.

పాలమూరు నాన్న
మా స్కూల్ రెండో శనివారం కూడా నడుస్తుంది టీచర్ గారూ. ఈ ఏడాది ఒక్కసారి కూడా సెలవు ఇవ్వలేదు. ప్రైవేటు స్కూళ్లలో రెండో శనివారం పేరుకే.

నిజామాబాద్ టీచర్
మీ స్కూల్ నడిపితే అది నియమం అయిపోదు. రెండో శనివారం సెలవే.

జగిత్యాల తమ్ముడు
మా చెల్లెలి హాల్ టికెట్‌లో పరీక్షలు నిన్నటితో అయిపోయాయని ఉంది. మళ్లీ వాయిదా ఏంటి? టెన్షన్ పెట్టకండి.

కరీంనగర్ అమ్మ
తమ్ముడూ, అవి టెన్త్ పబ్లిక్ పరీక్షలు. ఇవి ఏడో తరగతి ఏడాది చివరి పరీక్షలు. మీ చెల్లెలికి దీంతో సంబంధం లేదు.

పాత గుమాస్తా
నేను 22 ఏళ్లు ఒక స్కూల్ ఆఫీసులో పని చేశాను. సర్క్యులర్లు రాసిందీ, తప్పు రాసి తిట్లు తిన్నదీ నేనే. ఈ సర్క్యులర్‌లో చిక్కు రెండో శనివారం గురించి కాదు. “రెండు రోజులు” అన్న మాటతోనే వచ్చింది.

క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కపెట్టండి. తెలుగు 9కి, హిందీ 10కి, ఇంగ్లిష్ 11కి వస్తాయి. ఇంతవరకు ఎవరు లెక్కపెట్టినా ఒకటే. ఆ తర్వాత 12 రెండో శనివారం, 13 ఆదివారం, 14 అంబేద్కర్ జయంతి. పాలమూరు నాన్న గారు చెప్పినట్టు తేదీకి రెండు కలిపితే లెక్కలు 12న, సైన్స్ 13న పడాలి. ఆదివారం పరీక్ష ఉండదు కాబట్టి సైన్స్‌ను ఆయన ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి, బహుశా 15కి. టీచర్ గారు చెప్పినట్టు పని దినాలు లెక్కపెడితే 15న లెక్కలు, 16న సైన్స్, 17న సోషల్. అంటే 15వ తేదీ ఉదయం ఒక ఇంట్లో పిల్లాడు సైన్స్ చదివి వస్తాడు, ఇంకో ఇంట్లో లెక్కలు చేసి వస్తాడు. ఇద్దరి తల్లిదండ్రులూ సర్క్యులర్ చదివినవాళ్లే.

అందుకే మార్పు వచ్చినప్పుడు తేడా మాత్రం రాయకూడదు. కొత్త టైమ్‌టేబుల్ మొత్తం, వారం పేరుతో సహా మళ్లీ రాయాలి. “మిగతా యథాతథం” అని రాస్తే ఫ్రిజ్ మీద అతికించిన పాత కాగితం ఇంకా చెల్లుతుందనే ఇంట్లో వాళ్లు అనుకుంటారు.

ఆటో అన్న, హుజూరాబాద్
నేను తొమ్మిది మంది పిల్లలను దింపుతాను, రెండు స్కూళ్లవి. ఒంటిపూట బడులు పెట్టినప్పటి నుంచి రెండూ 12.30కే వదులుతున్నాయి. ఒక దగ్గర పిల్లల్ని ఎక్కించుకుని ఇంకో దగ్గరికి పోతా. “త్వరగా పంపిస్తాము” అంటే ఎన్నింటికి? 11.30కి వదిలితే నేను రెండో ట్రిప్పు ఎట్లా కొట్టాలి? పోయినేడు ఒక పాప గేటు బయట ఎండలో ముప్పావు గంట నిలబడింది. ఆ రోజు ఆ తల్లి నన్ను తిట్టింది. నాకు టైం చెప్పిన వాళ్లు లేరు.

నిజామాబాద్ టీచర్
ఆటో అన్న బాధ నిజమే. కానీ ప్రతి ఆటో డ్రైవర్‌కు టైం రాయడం స్కూల్ పనా? తల్లిదండ్రులు అడిగి చెప్పాలి. శ్రద్ధ ఉన్నవాళ్లు ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయే విషయం ఇది. సర్క్యులర్ కింద నంబర్ ఉంటుంది.

కరీంనగర్ అమ్మ
శ్రద్ధ లేదని నన్ను అంటున్నారా? శుక్రవారం రాత్రి 9 దాటాక మెసేజ్. ఈ రోజు జగ్జీవన్ రామ్ జయంతి, ఆఫీసు మూసి ఉంది. రేపు శ్రీరామనవమి. ఆ నంబర్‌కు పొద్దున్నుంచి నాలుగుసార్లు చేశాను, ఎవరూ ఎత్తలేదు. నేను ఒక ఆసుపత్రిలో నర్సును. మా డ్యూటీ చార్టు వారం ముందే వేస్తారు. 7, 8 తేదీల్లో పరీక్షలని తోటి నర్సును బతిమాలి ఆ రెండు రోజులు నైట్ డ్యూటీకి మార్చుకున్నాను, పగలు వాడితో ఉండొచ్చని. ఇప్పుడు ఆ రెండు రోజులు అసలు స్కూల్ ఉందో లేదో కూడా సర్క్యులర్‌లో లేదు. 9, 10, 11 తేదీల్లో నాకు పగటి డ్యూటీ. నా డ్యూటీ ఎవరు మారుస్తారు?

పాలమూరు నాన్న
7, 8 స్కూల్ ఉండదు. పరీక్షలకు ముందు చదువుకోవడానికి సెలవు ఇస్తారు.

పాత గుమాస్తా
అది మీ ఊహ సార్. సర్క్యులర్‌లో లేదు. ఆ రెండు రోజులు స్కూల్ ఉందని ఒక ఇల్లు, లేదని ఇంకో ఇల్లు అనుకుంటే సోమవారం సగం క్లాసు ఖాళీగా ఉంటుంది. ఇలాంటి సోమవారాలు నేను చూశాను. వచ్చిన పిల్లలకు పాఠం చెప్పరు, రాని పిల్లలకు ఆబ్సెంట్ వేస్తారు.

నిజామాబాద్ టీచర్
నేను ఇందాక అన్న మాటకు మీరు నొచ్చుకున్నారు, సరే. కానీ నా వైపు కూడా వినండి. నేనూ ఒక ప్రైవేటు స్కూల్లో ఆరు నుంచి తొమ్మిది వరకు చెప్తాను. మా దగ్గర కూడా ఇలాంటి మార్పే వచ్చింది. మాకు తెలిసింది నిన్న సాయంత్రం. ప్రశ్నపత్రాల కట్టలు రాలేదు, 12న నడపాలా వద్దా అని మేనేజ్‌మెంట్ తేల్చలేదు. ఎనిమిది, తొమ్మిదికి భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం వేరు వేరు పేపర్లు కాబట్టి వాళ్లకు ఒక రోజు ఎక్కువ కావాలి. అది ఎక్కడ ఇరికించాలో ఎవరికీ తెలియదు. 18న గుడ్ ఫ్రైడే. “తల్లిదండ్రులకు వెంటనే ఏదో ఒకటి పంపండి” అన్నారు. తేదీలు తేలకుండా తేదీలు రాస్తే, మర్నాడు మార్చాల్సి వస్తే మా మీదే పడతారు. అందుకే “రెండు రోజులు” అని రాశాం. నా ఇద్దరు పిల్లలూ ఇంట్లోనే ఉంటారు మధ్యాహ్నం, తాళం వేసి వస్తాను. నాకు ఎవరు సర్క్యులర్ పంపుతారు?

కరీంనగర్ అమ్మ
ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను అంత గట్టిగా అనేదాన్ని కాదు. కానీ టీచర్ గారూ, తేలలేదు అన్న సంగతే మాకు రాయొచ్చు కదా. తేలినట్టు రాసి పంపారు. నేను దాన్ని నమ్మి డ్యూటీ మార్చుకోవాలి.

నిజామాబాద్ టీచర్
“ఇంకా తేలలేదు” అని స్కూల్ రాస్తే ఎంత మంది ఊరుకుంటారు? వంద ఫోన్లు వస్తాయి. స్కూల్‌కు చేతకాదంటారు.

పాత గుమాస్తా
వంద ఫోన్లు ఇప్పుడు కూడా వస్తాయి మేడమ్, కాకపోతే సోమవారం పొద్దున ఒకేసారి వస్తాయి. నేనైతే శుక్రవారం రాత్రి ఇలా పంపేవాడిని:

“తరగతులు 6, 7. మార్చిలో ఇచ్చిన ఎస్ఏ-2 టైమ్‌టేబుల్ రద్దయింది, దాన్ని తీసేయండి.
ఏప్రిల్ 7 సోమ, 8 మంగళ: పరీక్ష లేదు. స్కూల్ మామూలుగా 8 నుంచి 12.30 వరకు ఉంటుంది.
9 బుధ తెలుగు, 10 గురు హిందీ, 11 శుక్ర ఇంగ్లిష్. ఈ మూడూ ఖాయం.
లెక్కలు, సైన్స్, సోషల్ తేదీలు, పరీక్ష రోజుల్లో పిల్లల్ని వదిలే సమయం సోమవారం 7న మధ్యాహ్నం 2 లోపు ఇదే గ్రూపులో పంపుతాం.
మీరు చేయాల్సింది: 7న వచ్చే టైమ్‌టేబుల్ చూసి, వదిలే సమయం ఆటో వాళ్లకు చెప్పండి. డైరీలో సంతకం చేసి 8న పంపండి. పరీక్ష రోజు జ్వరం వస్తే ఉదయం 8 లోపు క్లాస్ టీచర్‌కు చెప్పండి.”

ఎనిమిది, తొమ్మిదికి వేరే కాగితం. నాలుగు తరగతులకూ ఒకటే పంపితే ఆ అదనపు పేపర్ దగ్గరే గొడవ వస్తుంది. డైరీ సంతకం ఎందుకంటే, గ్రూపులో మెసేజ్ చూసినట్టు నీలం గుర్తులు పడినా చదివింది పిల్లాడే కావచ్చు. మా స్కూల్లో సంతకం రాని ఇళ్లకు మాత్రమే ఫోన్ చేసేవాళ్లం. అరవై మందిలో ఏడెనిమిది ఇళ్లు మిగిలేవి.

ఆటో అన్న, హుజూరాబాద్
ఆ వదిలే టైం గేటు మీద కూడా రాసి పెట్టమనండి. నాకు గ్రూపు లేదు.

నిజామాబాద్ టీచర్
గుమాస్తా గారి కాగితం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ సోమవారం 2 లోపు మేనేజ్‌మెంట్ తేల్చకపోతే? ఆ మాట ఇచ్చింది మేమవుతాం. తల్లులు నిలదీసేది క్లాస్ టీచర్‌ని. మాకు తేల్చే అధికారం లేకుండా మాట ఇచ్చే బాధ్యత పెట్టొద్దు. నేను ఆ లైను రాయను.

పాత గుమాస్తా
ఆ లైను కింద టీచర్ సంతకం ఉండకూడదు. ప్రిన్సిపాల్ పేరుతో, ఆఫీసు నంబర్‌తో పోవాలి. మా దగ్గర అలాగే పోయేది.

నిజామాబాద్ టీచర్
మా దగ్గర అన్నీ క్లాస్ టీచర్ ఫోన్ నుంచే పోతాయి.

కరీంనగర్ అమ్మ (సోమవారం, ఏప్రిల్ 7)
పొద్దున స్కూల్‌కు వెళ్లాను. స్కూల్ ఉంది. మా వాడి క్లాసులో సగం మందే వచ్చారు. 12న సెలవేనట. లెక్కలు 15, సైన్స్ 16, సోషల్ 17. నోటితో చెప్పారు, కాగితం ఇంకా రాలేదు. నేను ఒక తెల్ల కాగితం మీద రాసి గేటు దగ్గర అమ్మలకు ఫోటో తీసుకోమన్నాను. ఎనిమిదో తరగతి జీవశాస్త్రం గురించి అడిగితే సాయంత్రం చెప్తామన్నారు. నా డ్యూటీ 9, 10 తేదీలకు మారింది, 11కి ఎవరూ ఒప్పుకోలేదు.

ఆటో అన్న, హుజూరాబాద్
వదిలే టైం ఏమన్నారు అక్కా?

కరీంనగర్ అమ్మ
“పరీక్ష అయిపోగానే” అన్నారు అన్నా. మళ్లీ అడుగుతాను.