పేరిణి మొదటి ప్రదర్శన ఫొటోకి క్యాప్షన్ కావాలి, రెండు లైన్లు చాలు

మాది హనుమకొండ. ఆఫీసు పనిచేసుకుంటూ కొన్నేళ్లుగా పేరిణి నేర్చుకుంటున్న, మొన్న శనివారం ఒక గుడి ఉత్సవంలో మొదటిసారి స్టేజీ ఎక్కిన. ఫొటో బాగా వచ్చింది: అరమండిలో ఉన్న, కుడికాలు పైకి లేచింది, గజ్జెలు మాత్రం కదిలిపోయి మసకగా పడ్డయి. ఇంట్లో కింద వాటాలో వాళ్లు లేస్తరని తెల్లవారుజామున గజ్జెలు కట్టకుండానే, మేడమీద చాప పరుచుకుని సాధన చేసేవాణ్ని, అది క్యాప్షన్‌లో రావాలని నా ఆశ.

"కల నెరవేరిన వేళ" అని రాస్తే పెళ్లికార్డు లెక్క ఉంది. సినిమా పాట లైను పెట్టి చూసిన, కుదరలే, ఎందుకంటే మేం ఆడింది పాటకు కాదు, మృదంగం మీద జతులకు. అరంగేట్రం అనొద్దని గురువుగారు ముందే చెప్పారు, నాది బృందంతో చేసిన ఒక్క అంశమే కదా. రామప్ప శిల్పాలతో పోల్చి ఒకటి రాసిన గానీ మరీ గొప్పలు పోయినట్టుంది, తీసేసిన. ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్న, పైకి కనిపించేది మొదటి లైనే కాబట్టి అసలు మాట అందులోనే ఉండాలి.

గజ్జెలు లేని సాధన, గజ్జెలతో స్టేజీ, ఈ రెండూ వచ్చేట్టు మీరైతే మొదటి లైను ఏం రాస్తారు?