ఒక్క 2 వదిలేస్తే ఐదులో ఎన్ని మార్కులు పోవాలి?

ఉప్పల్ నాన్న: మా వాడిది సీబీఎస్ఈ పదో తరగతి. ప్రీఫైనల్లో లెక్క ఇది: 300 కి.మీ. వెళ్లే రైలు గంటకు 5 కి.మీ. వేగం పెంచితే 2 గంటలు ముందే చేరుతుంది, అసలు వేగమెంత? సమీకరణం సరిగ్గానే రాశాడు, తర్వాత ఒక 2 వదిలేశాడు. 5కి 2 వేశారు. స్కూలువాళ్ల స్కీమ్‌లో సమీకరణానికి 2, వర్గ సమీకరణంగా మార్చడానికి 1, సాధనకు 1, జవాబుకు 1 ఉంది. 2 వేయడం న్యాయమేనా?

కూకట్‌పల్లి ట్యూషన్: జవాబు తప్పైతే సగానికి మించి రాదండి. న్యాయమే.

రిటైర్డ్ లెక్కల మాస్టారు: అలా సగం లెక్క ఎక్కడా లేదు బాబూ. సీబీఎస్ఈ మార్కింగ్ స్కీమ్ తెరిస్తే అందరూ కుడివైపు మార్కుల దగ్గరికే పోతారు. ముందు పేజీల్లో పేపర్లు దిద్దేవాళ్లకు ఇచ్చిన సూచనలు చదవరు. ఒక తప్పుకు ఒక్కసారే కోత, దాని ప్రభావానికి మళ్లీ మళ్లీ తగ్గించకూడదని అక్కడే ఉంటుంది. మీ వాడు తర్వాత ఏం రాశాడు?

ఉప్పల్ నాన్న:
```
300/x - 300/(x+5) = 2
x² + 5x - 1500 = 0
x = (-5 + √6025)/2 ≈ 36.3
```

రిటైర్డ్ లెక్కల మాస్టారు: రావాల్సింది `x² + 5x - 750 = 0`, జవాబు 25. రెండో లైనుకు 1 పోయింది, అది ఖాయం. కానీ తను రాసిన సమీకరణాన్ని సూత్రంతో తప్పు లేకుండా సాధించాడు, పైగా కారణాంకాలు దొరకని లెక్కను. ఆ 1 ఇవ్వాలి. కనీసం 3.

మలక్‌పేట అమ్మ: మా అమ్మాయికి జేఈఈ మెయిన్‌లో స్టెప్పులన్నీ కరెక్టే, చివర్లో పొరపాటు. అక్కడా అడగొచ్చా మాస్టారూ?

రిటైర్డ్ లెక్కల మాస్టారు: లేదమ్మా, అక్కడ కంప్యూటర్ చూసేది జవాబొక్కటే. రఫ్ పేపర్ దిద్దరు.

కూకట్‌పల్లి ట్యూషన్: సరే, 3 ఒప్పుకుంటా. అలాగని ఏ తప్పు చేసినా వెనకాలవన్నీ ఇచ్చేస్తారా? నా స్టూడెంట్ కాలాన్ని `x/300` అని రాశాడు. తీసివేస్తే x ఎగిరిపోయి `5/300 = 2` మిగిలింది!

రిటైర్డ్ లెక్కల మాస్టారు: అది వేరు. అక్కడ సాధించడానికి వర్గ సమీకరణమే లేదు, మార్కు దేనికి ఇస్తాం? తప్పు చేశాక కూడా అదే పని, అంతే కష్టంగా మిగిలిందా అని చూడాలి. ఉప్పల్ బాబుకు మిగిలింది.

ఉప్పల్ నాన్న: మరి జవాబుకున్న ఆ ఆఖరి 1?

రిటైర్డ్ లెక్కల మాస్టారు: నేనైతే ఇస్తాను. ఆ 36.3 కూడా పాత తప్పు నుంచి వచ్చిందే కదా.

కూకట్‌పల్లి ట్యూషన్: నేనివ్వను. 36.3 పెట్టి వెనక్కి వేసి చూడండి, 8.26 గంటలు, 7.26 గంటలు. తేడా ఒక గంటే. అడిగింది రెండు గంటలు. నిమిషం కేటాయించి సరిచూసుకుంటే దొరికే తప్పు అది.

ఉప్పల్ నాన్న: సోమవారం ఆ సూచనల పేజీ ప్రింట్ తీసుకుని స్కూలుకు వెళ్తా. 3 అడుగుతా. నాలుగో మార్కు సంగతి టీచర్ ఇష్టం.