ధమ౯ము, మూతి౯: పాత పుస్తకాల ఓసీఆర్‌లో వలపలగిలక

సుజాత:
నూరేళ్లు దాటిన ఒక నీతి పుస్తకాన్ని స్కాన్ చేసి, ఓసీఆర్ తీసిన పాఠాన్ని శుభ్రం చేస్తున్నాను. సగం వచనం, సగం పద్యాలు. అక్షరాల పోలిక వల్ల వచ్చే తప్పులు చాలావరకు పట్టుకోగలుగుతున్నాను. ఉదాహరణకు ‘రాముడు’ అని ఉండాల్సిన చోట ‘రావుుడు’ వస్తోంది. మ అక్షరాన్ని వ, కొమ్ము అని రెండు ముక్కలుగా చదివి, అసలు కొమ్మును మళ్లీ పక్కన పెడుతోంది. ఒక హల్లు మీద రెండు గుణింతపు గుర్తులు ఉండవు కాబట్టి అలాంటివన్నీ వెతికితే దొరికిపోతున్నాయి. నన్ను ఏడిపిస్తున్నది వలపలగిలక, అంటే ర్ బదులు అక్షరం తర్వాత వేసే ౯ లాంటి గుర్తు. పుస్తకంలో ‘ధర్మము’ అని ఎక్కడా లేదు, అంతా ‘ధమ౯ము’. ఓసీఆర్ దాన్ని ఒకచోట ధమ౯ము అని, ఒకచోట ధమFము అని, ఇంకోచోట గిలక పూర్తిగా మింగేసి ధమము అని ఇస్తోంది. నాలుగు వందల పేజీలు. చేత్తో దిద్దడం తప్ప దారి లేదా?

శ్రీనివాస్:
ఇది చాలా ఈజీ అండీ. ముందు ఆ F లన్నిటినీ ౯ చేయండి. తర్వాత ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ౯ బదులు ‘ర్’ పెట్టండి. ఐదు నిమిషాల పని.

సుజాత:
చేసి చూశాను శ్రీనివాస్ గారూ. ధమర్ము అని వచ్చింది.

రామకృష్ణ మాస్టారు:
F లను ముందు ౯ చేయమన్నది సరైన సలహానే. చిక్కు రెండో అడుగులో ఉంది. వలపలగిలకను అచ్చులో అక్షరం తర్వాత వేస్తారు, పలకడం మాత్రం అక్షరానికి ముందు పలుకుతాం. అందుకని ౯ తీసి అక్కడే ర్ పెడితే చాలదు, ర్ వెనక్కి జరగాలి. ఎంత వెనక్కి అన్నది ఇంకో ప్రశ్న. గుణింతం కూడా అయ్యాకే గిలక వస్తుంది. ‘పూర్తి’ని ‘పూతి౯’ అని వేస్తారు. అంటే తి మొత్తాన్నీ దాటి ర్ దానికి ముందు చేరాలి. కొన్ని ప్రెస్సుల వాళ్లు గిలక పడిన హల్లును జంట కూడా చేసేవారు, ‘ధమ్మ౯ము’ అని. అక్కడ వత్తునూ దాటాలి. సుజాత గారూ, మీ పుస్తకంలో జంట ఉందా?

సుజాత:
ఉంది మాస్టారూ, కానీ అన్నిచోట్లా కాదు. ధర్మము రెండు రకాలుగానూ కనబడుతోంది.

కిరణ్:
మాస్టారు చెప్పిన దాన్నే పైథాన్‌లో రాశాను. సుజాత గారూ, దీన్ని నడిపే ముందు NFC తప్పకుండా చేయించండి. ఐత్వం కొన్ని ఫైళ్లలో ఎత్వం, కింది గుర్తు అని రెండు కోడ్లుగా విడిపోయి ఉంటుంది. కంటికి తేడా తెలియదు, ప్యాటర్న్ మాత్రం అక్కడ తప్పిపోతుంది. NFC ఆ రెంటినీ ఒకే కోడ్ చేస్తుంది.

```python
import re, unicodedata
t = unicodedata.normalize('NFC', t)
t = re.sub(r'((?:[క-హ]్)*[క-హ][\u0C3E-\u0C4C]?)౯',
           r'ర్\1', t)
```

మొదటి ముక్క జంట హల్లులను పట్టుకుంటుంది, రెండోది అసలు హల్లును, మూడోది గుణింతం ఉంటే దాన్ని. ధమ౯ము, పూతి౯, కాయ౯ము మూడూ పరీక్షించాను. ధర్మము, పూర్తి, కార్యము వచ్చాయి. ధమ్మ౯ము ఇస్తే ధర్మ్మము వస్తుంది, అంటే అచ్చులో ఉన్న జంట అలాగే ఉంటుంది.

లక్ష్మి:
నాకూ ఇదే సమస్య! మా నాన్నగారు డీటీపీ చేయించుకున్న వ్యాసాలు పాత అను ఫాంట్‌లో ఉన్నాయి. కాపీ చేసి వర్డ్‌లో పెడితే అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ. ఈ కోడ్ వాటికి పనిచేస్తుందా?

కిరణ్:
పనిచేయదు లక్ష్మి గారూ, మీది వేరే జబ్బు. మీ ఫైల్లో అక్షరాలు తప్పుగా లేవు, యూనికోడ్ కాని ఫాంట్‌లో ఉన్నాయి, అంతే. దానికి ఫాంట్ మార్చే కన్వర్టర్ కావాలి. ఓసీఆర్‌లో ఒకే అక్షరం ఒక్కోచోట ఒక్కోలా తప్పుతుంది. మీ దగ్గర తప్పు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి మీ పని తేలిక. విడిగా పోస్ట్ పెట్టండి, చూద్దాం.

సుజాత:
కిరణ్ గారూ, నడిపించాను. చాలా బాగా వచ్చింది, కానీ విషయసూచికలో ‘పేజి౯’ అన్నది ‘పేర్జి’ అయింది! పుస్తకంలో అంకెలన్నీ తెలుగువే. ఓసీఆర్ మధ్యలో ఖాళీ వదలకపోవడంతో తొమ్మిది కాస్తా గిలక అయిపోయింది. ౧౮౯౯ లాంటి సంవత్సరాలకు మాత్రం ఏమీ కాలేదు.

కిరణ్:
సంవత్సరాల్లో ౯ ముందు అంకె ఉంటుంది, హల్లు ఉండదు, అందుకని బతికాయి. పేజి౯ లాంటివాటికి రెండు విడతలుగా చేయండి. ప్యాటర్న్ చివర `(?=[ం-హ])` తగిలిస్తే ౯ తర్వాత ఇంకో అక్షరమో సున్నానో ఉన్న మాటలే మారతాయి. ధమ౯ము లాంటివి అందులో అయిపోతాయి. మాట చివర ౯ ఉన్నవి విడిగా జాబితా తీసి కంటితో చూడండి. పూతి౯, మూతి౯ నిజమైన గిలకలే, వాటిని వదిలేయకూడదు. ‘పుట౯లో’ అని ఎక్కడైనా కలిసిపోయి ఉంటే మొదటి విడతలోనే పాడవుతుంది కాబట్టి మారిన మాటల జాబితా కూడా దాచుకోండి.

రామకృష్ణ మాస్టారు:
కోడ్ బాగుంది కిరణ్ బాబూ. కానీ ౯ కనబడిన చోట్ల నాకు టెన్షన్ లేదు. ఓసీఆర్ గిలకను మింగేసిన చోట్ల సంగతేమిటి? ‘ధమము’ అయితే మాట కాదు కాబట్టి నిఘంటువుతో పోల్చితే బయటపడుతుంది. ‘మూతి౯’లో గిలక పోతే ‘మూతి’ మిగులుతుంది. ‘వాత౯’లో పోతే ‘వాత’. ‘ధమ్మ౯ము’లో పోతే ‘ధమ్మము’, అది బౌద్ధుల మాట. మూడూ మంచి తెలుగు మాటలే, ఏ స్పెల్‌చెకరూ వాటిని అడ్డుకోదు. ‘శ్రీరామమూతి’ అని పుస్తకంలో మిగిలిపోతే ఎంత అన్యాయం!

పద్యాల్లో అయితే ఛందస్సు మీకు సాయం చేస్తుంది. కంద పద్యం నాలుగు పాదాలూ కర్మ, ధర్మ, మర్మ, శర్మ అని మొదలయ్యాయనుకోండి. ప్రాస ర్మ. మూడో పాదం ఓసీఆర్‌లో ‘మమ’ అని వస్తే రెండు విధాలుగా దొరుకుతుంది. ప్రాసాక్షరం వట్టి మ అయిపోయింది. పైగా ర్మ ముందున్న మ గురువు కావాల్సింది లఘువైంది, దాంతో మాత్రలు తగ్గాయి. ఉత్పలమాల, శార్దూలాల్లోనూ ఇలాగే ప్రాస చూడండి. పాదం మధ్యలో గిలక పోతే ప్రాస చెప్పదు, దాని ముందున్న అక్షరం గురువు నుంచి లఘువుగా మారితేనే గణాలు చెబుతాయి.

శ్రీనివాస్:
అయితే పద్యాలన్నీ ప్రాసతో చెక్ చేసుకుంటే సరిపోతుందన్నమాట.

రామకృష్ణ మాస్టారు:
అన్నీ కాదు నాయనా. ఆటవెలది, తేటగీతుల్లో ప్రాస నియమం లేదు. వాటికి గణాలు, యతి చూసుకోవాలి. వచనానికి ఇవేవీ లేవు. అనుమానం ఉన్న మాటల పట్టిక ఒకటి రాసుకుని, మూతి, వాత, కత లాంటివి కనబడిన ప్రతి చోటా స్కాన్ బొమ్మ తెరిచి చూడాల్సిందే. కొన్ని ఫోటోల్లో గిలక అక్షరానికి అతుక్కుపోయి చిన్న తోకలా ఉంటుంది, పెద్దది చేసి చూడండి.

సుజాత:
చూస్తాను మాస్టారూ. ఇంకొక్కటి. జంట హల్లు ఉన్న ‘ధర్మ్మము’ను అలాగే ఉంచాలా, ‘ధర్మము’ చేయాలా?

కిరణ్:
ధర్మము చేసేయండి. రేపు ఎవరైనా వెతికినా ‘ధర్మము’ అనే వెతుకుతారు.

రామకృష్ణ మాస్టారు:
నేను ఒప్పుకోను. అచ్చయిన పుస్తకంలో ఏముందో అదే పాఠం. గిలకను ర్ చేయడం లిపి మార్పు మాత్రమే, జంటను తీసేస్తే వర్ణక్రమాన్ని దిద్దినట్టు. ఏ ప్రెస్సు ఎప్పటిదాకా జంట రాసిందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఆధారం పోతుంది.

కిరణ్:
వెతుకులాటకు దొరకని పాఠం ఎవరికి ఉపయోగం మాస్టారూ?

సుజాత:
ప్రస్తుతానికి జంటలు ముట్టుకోకుండా ఒక ఫైలు దాచుకుంటున్నాను. దాని నుంచి రెండోది ఎప్పుడైనా తీయొచ్చు. రెండోదాని నుంచి మొదటిది రాదు, ఎందుకంటే ఈ పుస్తకం జంటను అన్నిచోట్లా పాటించలేదు.