ప్రోస్టేట్‌కు వద్దన్న సామూహిక పరీక్ష పీకేయూకు ఎలా తగింది?

రవికిరణ్ (రీడింగ్): బ్రిటన్‌లో మగవారికి అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది ప్రోస్టేట్ క్యాన్సర్. దానికి పీఎస్‌ఏ అనే చౌకైన రక్తపరీక్ష ఉన్నా, ప్రభుత్వం ఒక వయసు దాటిన మగవారందరినీ పిలిచి చేయడం లేదు. సుమారు పది వేల మందిలో ఒకరికి పుట్టుకతో వచ్చే పీకేయూ అనే జబ్బు కోసం మాత్రం పుట్టిన ప్రతి బిడ్డ మడమా గుచ్చుతున్నారు. ఇది తలకిందుల లెక్క కాదా?

డాక్టర్ సుధ (లీడ్స్): ఈ లెక్కకు ఆధారం 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ రాసిన నివేదిక. జబ్బు ముఖ్యమైన సమస్య అయి ఉండాలన్నది అందులోని పది సూత్రాల్లో మొదటిది. అయితే ముఖ్యమైనది అంటే ఎక్కువమందికి వచ్చేది అని వారి ఉద్దేశం కాదు. పీకేయూనే ఉదాహరణగా తీసుకుని, అది ఎంత అరుదైనా, పసితనంలోనే గుర్తించి చికిత్స చేయకపోతే జరిగే నష్టం చాలా తీవ్రం కాబట్టి పరీక్షకు తగినదేనని రాశారు. కాబట్టి నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ముందుగా కనిపెట్టినందువల్ల ఆ మనిషి జీవితంలో ఏం మారుతుంది?

పీకేయూ ఉన్న బిడ్డ పుట్టినప్పుడు మిగతా పిల్లల్లాగే ఉంటుంది. పాలలోని మాంసకృత్తుల నుంచి వచ్చే ఫినైల్ అలనిన్‌ను మార్చే ఎంజైమ్ లేనందువల్ల అది రక్తంలో పేరుకుని, నెలల తరబడి మెదడును దెబ్బతీస్తుంది. ఎదుగుదల మందగించిందని తల్లిదండ్రులు గమనించేసరికి జరిగిన నష్టాన్ని ఇక పూడ్చలేము. అదే మొదటి కొద్ది వారాల్లోనే ప్రత్యేక ఆహారం మొదలుపెడితే బిడ్డ దాదాపు మామూలుగా ఎదుగుతుంది. బ్రిటన్‌లో అయిదో రోజున రక్తపు చుక్క తీసుకోవడానికి కారణం ఈ గడువే. ఈ ఆహారం పనిచేస్తుందని చెప్పడానికి పిల్లలను రెండు గుంపులుగా విడదీసి ప్రయోగం చేయవలసిన అవసరం రాలేదు. జబ్బు ఆలస్యంగా తెలిసిన అన్నకూ, పుట్టగానే తెలిసి చికిత్స పొందిన తమ్ముడికీ మధ్య తేడా అంత స్పష్టంగా కనిపించింది.

ప్రోస్టేట్ క్యాన్సర్ అలాంటిది కాదు. అది చాలామందిలో ఎంతో నెమ్మదిగా పెరుగుతుంది, ఉన్నట్టు కూడా తెలియకుండా వారు వేరే కారణంతో చనిపోతారు. కొందరిలో మాత్రం త్వరగా ఎముకలకు పాకుతుంది. కనిపించిన క్యాన్సర్ ఈ రెంటిలో ఏ రకమో పీఎస్‌ఏ చెప్పలేదు. పైగా పీఎస్‌ఏ ఎక్కువగా వచ్చిన ప్రతి నలుగురిలో ముగ్గురికి క్యాన్సరే ఉండదు.

వెంకట్రావు (బర్మింగ్‌హామ్): డాక్టరు గారూ, క్షమించండి, నేను ఒప్పుకోలేను. తొలి దశలో కనిపెడితే దాదాపు అందరూ అయిదేళ్ల తర్వాత కూడా బతికే ఉంటారు, ఒళ్లంతా పాకాక కనిపెడితే అందులో సగం మందే మిగులుతారు. పరీక్ష ప్రాణం కాపాడుతుందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

డాక్టర్ సుధ: వెంకట్రావు గారూ, మీరు చెప్పిన అంకెలు నిజమే, కానీ వాటి నుంచి మీరు తీసిన ఫలితం రాదు. ఒక వ్యక్తి ఈ క్యాన్సర్‌తో 75వ ఏట చనిపోతాడని అనుకుందాం. లక్షణాలు వచ్చాక 72వ ఏట తెలిస్తే అతను జబ్బు తెలిశాక మూడేళ్లు బతికినట్టు లెక్క, పీఎస్‌ఏ వల్ల 65వ ఏటనే తెలిస్తే పదేళ్లు బతికినట్టు లెక్క. మరణం మాత్రం రెండుసార్లూ 75వ ఏటనే జరిగింది. దీనికి తోడు, ఎప్పటికీ హాని చేయని క్యాన్సర్లు కూడా తొలి దశ జాబితాలో చేరి ఆ శాతాన్ని ఇంకా పెంచుతాయి. అందుకే బతికిన ఏళ్లను కాక, పిలిచిన గుంపులోనూ పిలవని గుంపులోనూ జరిగిన మరణాలను పోల్చాలి.

అలా పోల్చినా మీ మాటలో కొంత నిజం ఉందని నేను ఒప్పుకుంటాను. యూరప్‌లోని పెద్ద అధ్యయనాన్ని 23 ఏళ్లు గమనించాక, పిలిచిన గుంపులో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. అదనంగా 12 మందికి క్యాన్సర్ ఉన్నట్టు తేలితే వారిలో ఒకరికి ఆ మేలు దక్కింది. మిగతా పదకొండు మందికీ ఏమైందన్నదే నన్ను బాధించే ప్రశ్న. బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అధ్యయనంలో ఆపరేషన్ చేసినవారిలో ఆరేళ్ల తర్వాత కూడా దాదాపు ఆరుగురిలో ఒకరికి మూత్రం లీకై ప్యాడ్ అవసరమైంది. పదిహేనేళ్ల తర్వాత చూస్తే, ఆపరేషన్ చేసినా, రేడియేషన్ ఇచ్చినా, చికిత్స లేకుండా గమనిస్తూ ఉన్నా, ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు మూడు శాతం దగ్గరే ఉన్నారు.

పద్మజ (గుంటూరు): మా నాన్నగారికి మొత్తం ఒంటి పరీక్షల ప్యాకేజీలో పీఎస్‌ఏ 6 అని వచ్చింది. ఆయన రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నారు. మీ చర్చ చదివాక ఇక డాక్టరు దగ్గరకు తీసుకెళ్లనవసరం లేదేమో అనిపిస్తోంది.

డాక్టర్ సుధ: పద్మజ గారూ, దయచేసి అలా అనుకోకండి. ఏ బాధా లేని లక్షల మందిని ప్రభుత్వమే పిలిచి పరీక్షించాలా అన్నది ఇక్కడి ప్రశ్న. మీ నాన్నగారికి ఇబ్బంది ఉంది, ఫలితం కూడా చేతిలో ఉంది. వయసుతో ప్రోస్టేట్ గ్రంథి వాచినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పీఎస్‌ఏ పెరుగుతుంది కాబట్టి కంగారు వద్దు, కానీ యూరాలజిస్టుకు తప్పక చూపించండి.

వెంకట్రావు: ఆ అధ్యయనాలు మొదలైనప్పుడు ముందుగా ఎమ్మారై తీసే పద్ధతి లేదు, పీఎస్‌ఏ పెరిగితే నేరుగా, సూదితో గ్రంథి ముక్క తీసి చూసే బయాప్సీకి పంపేవారు. ఇప్పుడు ముందు ఎమ్మారై చూసి, అనుమానం ఉన్నవారికే సూది వేస్తున్నారు, చిన్న క్యాన్సర్లను గమనిస్తూ వదిలేస్తున్నారు. నష్టం తగ్గినప్పుడు తీర్పు కూడా మారాలి కదా? నల్లజాతి మగవారిలో జీవితకాలంలో నలుగురిలో ఒకరికి ఈ జబ్బు వస్తుంది, ఇతరుల సగటుకు అది రెట్టింపు. కనీసం వారినైనా పిలవాలి.

డాక్టర్ సుధ: ఇది గట్టి వాదన. ఎమ్మారై వల్ల అనవసరపు బయాప్సీలు తగ్గాయి, సందేహం లేదు. కానీ ఈ కొత్త దారిలో మరణాలు అంతే తగ్గుతాయా అన్నది తేలడానికి ఏళ్లు పడుతుంది. ముప్పు ఎక్కువ ఉన్నవారి విషయంలో నేను కూడా మీ వైపే మొగ్గుతున్నాను. అయితే పాత అధ్యయనాల్లో నల్లజాతివారు చాలా తక్కువ, కాబట్టి వారికి కలిగే మేలూ కీడూ ఎంతో అంకెల్లో చెప్పలేము.

నాగేశ్వర్ (హైదరాబాద్): నేను నవజాత శిశువుల రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. బ్రిటన్‌లో సరిపోయిన సమాధానం మన దగ్గర అలాగే సరిపోదు. చికిత్సకు, నిర్ధారణకు ఏర్పాట్లు ఉండాలన్నది ఆ పది సూత్రాల్లోనే ఒకటి. పీకేయూ బిడ్డకు కావలసిన ప్రత్యేక పాలపొడి ఇక్కడ దొరకడం కష్టం, ధర కూడా మామూలు కుటుంబం మోయలేనిది. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపానికైతే రోజూ వేసే చౌక మాత్ర చాలు. ఐసీఎంఆర్ హైదరాబాద్‌తో సహా అయిదు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షించినప్పుడు ఆ లోపం సుమారు 1,100 మందిలో ఒకరికి కనిపించింది. అందుకే నా ఓటు ముందు దానికే.

కానీ అందులోనూ చిక్కు ఉంది. పుట్టిన మొదటి ఒకటి రెండు రోజుల్లో ఈ పరీక్షలో కొలిచే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ సహజంగానే పెరిగి ఉంటుంది. మామూలు కాన్పు అయితే తల్లిని త్వరగా పంపించేస్తారు కాబట్టి చుక్క ఆ సమయంలోనే తీయవలసి వస్తుంది, ఆరోగ్యంగా ఉన్న బిడ్డల ఫలితాలు కూడా అనుమానంగా వస్తాయి. మళ్లీ రమ్మని ఫోన్ చేస్తే తల్లి పుట్టింటికి వెళ్లి ఉంటుంది, ఇచ్చిన నంబరు పనిచేయదు. ఆ పిలుపు అందని కుటుంబాల్లో నిజంగా జబ్బున్న బిడ్డ ఉంటే, పరీక్ష చేసి కూడా మనం ఏమీ చేయనట్టే.

రవికిరణ్: నాగేశ్వర్ గారూ, పాలపొడి అందే దాకా పీకేయూ పరీక్ష ఆపాలంటారా? జబ్బున్న పిల్లల లెక్క తేలకపోతే ఆ పొడి తెప్పించమని ప్రభుత్వాన్ని ఎవరు అడుగుతారు?

నాగేశ్వర్: ఆపాలనే అంటాను, కష్టంగా ఉన్నా. చికిత్స చూపించలేని చోట తల్లికి ఆ ఫలితం చెప్పడం నాకు న్యాయంగా తోచదు.

డాక్టర్ సుధ: ఇక్కడ నేను మీతో పూర్తిగా ఏకీభవించను. జబ్బు పేరు తెలిస్తే తర్వాతి కాన్పుకు ముందు ఆ దంపతులకు జన్యు సలహా అందుతుంది, గర్భంలోనే పరీక్షించుకునే వీలు ఉంటుంది. అయితే అది బిడ్డకు కాక కుటుంబానికి జరిగే మేలు. 1968 నాటి సూత్రాలు రోగికి జరిగే మేలును దృష్టిలో పెట్టుకుని రాసినవి, దీన్ని లెక్కలోకి తీసుకోవాలో లేదో వాటిలో స్పష్టంగా లేదు.