చిన్నక్షరాల చాట్‌లో చుక్క, కామా అవసరమా?

వెన్నెల: మా బృందం చాట్‌లో అందరం ఇంగ్లీషును చిన్నక్షరాల్లోనే, చుక్కలూ కామాలూ లేకుండా రాస్తాం. కొత్తగా చేరిన ఒకరు అది అలసత్వమంటున్నారు. నిజంగా దేనికైనా నష్టమా?

అక్షరాభిమాని: ఏ నష్టమూ లేదండి. చివర చుక్క పెడితేనే తంటా. `ok` అంటే సరే, `ok.` అంటే కోపం. 2015లో బింగ్‌హామ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధనలో కూడా, ఒక్కమాట జవాబు చివర చుక్క ఉంటే అందులో చిత్తశుద్ధి తక్కువని చదివినవారికి అనిపించింది. చుక్కలు మానేయడమే మేలు.

రాత్రి షిఫ్టు: ఆ పరిశోధన ఒక్కమాట జవాబుల గురించి. చేతిరాత చీటీల్లో ఆ తేడా కనబడనేలేదు. దాన్ని పట్టుకుని మొత్తం చుక్కలు తీసేస్తే ఎలా? "ఇప్పుడే మొదలుపెట్టనా?" అని మీరు అడిగారనుకోండి. జవాబు `no need to wait` అని వచ్చింది. ఆగనక్కర్లేదనుకుని మొదలుపెడతారు. పంపినవారి మనసులో ఉన్నది `no. need to wait`. వద్దు, ఆగాలి అని! రెండు సందేశాలుగా విడగొట్టి పంపినా చుక్క పని జరుగుతుంది, కానీ మధ్యలో మరొకరి సందేశం దూరితే మళ్లీ గందరగోళమే.

పెద్దక్షరాల సంగతి వేరు. మనుషులు చదివే మాటల్లో అవి లేకపోయినా అర్థం చెడటం అరుదు. చాట్‌లోంచి తీసి కంప్యూటర్‌కు ఇచ్చే కమాండులో మాత్రం అర్థం మారడానికి ఒక్క అక్షరం చాలు. కోడు మార్పుల్ని భద్రపరిచే gitలో `pata` అనే బ్రాంచిని, అంటే విడిగా నడిపే కోడు శాఖను, తొలగించే ఈ రెండు కమాండ్లు చూడండి:

```
git branch -d pata
git branch -D pata
```

మొదటిది, ఆ బ్రాంచిలో ఇంకా కలపని మార్పులుంటే తొలగించనంటుంది. రెండోది అడగకుండా తీసేస్తుంది. కొన్ని ఫోన్లలో రాస్తే వాక్యం మొదట్లో `Git` అని దానంతటదే పెద్దక్షరం పడుతుంది, `--force` లాంటి వాటిలోని రెండు గీతలు ఒక్క పొడవు గీతగా కలిసిపోతాయి. చూడటానికి అంతా సరిగానే ఉన్నా కమాండు పనిచేయకపోతే ముందు ఆ గీతనే పరీక్షించండి.

సన్నజాజి: తెలుగులో పెద్దక్షరాలే లేవు కదా, ఈ గొడవెందుకు? మా పెద్దమ్మ ప్రతి సందేశం చివరా మూడు చుక్కలు పెడతారు. "భోజనం చేశావా..." అని చదవగానే ఏదో దాచినట్టు కంగారుపడతాను. ఆవిడకు అది మామూలే.

రాత్రి షిఫ్టు: అడిగింది ఇంగ్లీషు చాట్ గురించే అయినా మీ మాట పనికొస్తుంది. మనిషి అలవాటు తెలిస్తేనే చుక్కకు అర్థం. ఎప్పుడూ చుక్క పెట్టేవారు పెడితే ఏమీ లేదు, ఎప్పుడూ పెట్టనివారు ఒకరోజు పెడితేనే ఆలోచించాలి.

అక్షరాభిమాని: కమాండ్ల విషయం ఒప్పుకుంటున్నాను. `ok.` మాత్రం నాకు ఇప్పటికీ ముఖం మీద తలుపు వేసినట్టే ఉంటుంది.

వెన్నెల: కమాండ్లు ఇకనుంచి కంప్యూటర్ మీదే రాసి పంపమంటాను. `no` తర్వాత చుక్కకు బదులు కామా పెడితే కోపంగా కనబడదంటారా?