సమస్యాపూరణం: చెలిమి నవ్వు చూచి చెలియ బెదరె

మాస్టారు (నిర్వహణ):
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

*చెలిమి నవ్వు చూచి చెలియ బెదరె*

నవ్వు చూసి బెదరడం ఏమిటన్నదే చిక్కు. ఎవరిష్టం వచ్చిన దారిలో వాళ్ళు పోకుండా సందర్భం కూడా నేనే ఇస్తున్నాను. భర్త కావచ్చు, ప్రియుడు కావచ్చు, అతని దగ్గరి స్నేహితులు ఉన్నట్టుండి ఆమెతో తీరు మార్చారు. ముళ్ళ మీద కూర్చున్నట్టు మాట్లాడుతున్నారు, లేదా అవసరానికి మించి ఆప్యాయత ఒలకబోస్తున్నారు. మిగతా మూడు పాదాలు మీవి. దయ్యాలు, కలలు, వేషం మార్చిన రాక్షసులు వద్దు. గతంలో వాటితో చాలానే తప్పించుకున్నారు.

గడుగ్గాయి:
మొదటి బోణీ నాదే.

*ప్రియుని తప్పు తెలిసి పెదవి బిగించిన*
*వాని మిత్రులెల్ల వచ్చి చేరి*
*జాలి పడుచు నవ్వ సర్వము బయటాయె*
*చెలిమి నవ్వు చూచి చెలియ బెదరె*

ఇందులో చిక్కేముంది మాస్టారూ? వాడు ఇంకొకరితో తిరుగుతున్నాడు, స్నేహితులకు తెలుసు, ఈమె మొహం చూడలేక జాలి పడుతున్నారు. వంద కేసుల్లో తొంభై తొమ్మిది ఇదే.

మాస్టారు:
గణాలు, యతులు సరిపోయాయి. 'జాలి'కి 'సర్వము' చెల్లుతుంది. నా పేచీ అర్థంతోనే. మూడో పాదంలో సర్వమూ బయటపడితే నాలుగో పాదంలో బెదరడం దేనికి? తెలిసిపోయాక ఏడుపొస్తుంది, కోపమొస్తుంది. బెదురు తెలియనప్పటిది. పైగా నవ్వ, నవ్వు అని పక్కపక్కనే రెండుసార్లు. ఆ తొంభై తొమ్మిది ఎవరు లెక్కపెట్టారో కూడా చెబితే బాగుండేది.

తేనెటీగ:
నాదాంట్లో ఏడుపు లేదు.

*వేలి కొలత నడిగి వింతగా గుసగుస*
*లాడు సఖుల మోము లలరుచుండ*
*ఏమి దాచినారొ ఎరుగక మదిలోన*
*చెలిమి నవ్వు చూచి చెలియ బెదరె*

మాస్టారు:
బాగుంది. గుసగుసను పాదం చివర విరిచి కింద 'లాడు' అని అందుకోవడం ముచ్చటగా ఉంది. 'దాచినారొ ఎరుగక' దగ్గర అచ్చు మీద అచ్చు పడింది, 'యెరుగక' అంటే సాఫీగా పోతుంది. ఒక్క అనుమానం. వేలి కొలత అడిగాక ఉంగరమని తెలియని చెలియ ఉంటుందా?

తేనెటీగ:
ఉంటుంది మాస్టారూ, నేనే ఉన్నాను. అతని స్నేహితులు ముగ్గురూ పది రోజుల పాటు నన్ను చూడగానే నవ్వాపుకోవడం, ఫలానా శనివారం ఖాళీయేనా అని వేర్వేరుగా అడగడం. నేనేమో నన్ను వెక్కిరిస్తున్నారనుకుని ఆ శనివారం వేరే పని పెట్టుకున్నాను!

పాతకలం:
*నిన్న దాక పలుక నేరని మిత్రుడు*
*నేడు పలకరించె నెయ్యమొప్ప*
*కళ్ళు కలుపకుండ కడు తీపి మాటల*
*చెలిమి నవ్వు చూచి చెలియ బెదరె*

కారణం నేను చెప్పలేదు. ఆమెకే తెలియనిది నాకెలా తెలుస్తుంది?

మాస్టారు:
ఇప్పటికి ఇదే నాకు నచ్చింది. 'నిన్న', 'నేడు' అని మార్పు ఎప్పటిదో చెప్పారు. కళ్ళు కలపకపోవడం ఒక్కటి చూపించి ఊరుకున్నారు.

మందారం:
నాకు ఛందస్సు అంతంతమాత్రమే. కానీ ఇది నాకు జరిగింది కాబట్టి రాయకుండా ఉండలేకపోయాను.

*పార్టి లోన అందరొకసారి మౌనమై*
*వెనుక నన్ను చూచి వేడ్కతోడ*
*కౌగిలించినారు కడు కూర్మి మీరగ*
*చెలిమి నవ్వు చూచి చెలియ బెదరె*

మా ఆయన స్నేహితులు ముగ్గురు. ఏళ్ళ తరబడి నన్ను చూస్తే దూరం నుంచి చెయ్యి ఊపడమే వాళ్ళ పలకరింపు. ఒక రోజు నేను గదిలోకి రాగానే మాట ఠక్కున ఆగింది, ఆ వెంటనే అందరూ ఎదురొచ్చారు. వెళ్ళేటప్పుడు ఒకతను నా చేతిలో సంచి లాక్కుని కారు దాకా మోశాడు. తలుపు వేస్తూ "నువ్వు చాలా మంచిదానివి, తెలుసా" అన్నాడు. ఊరికే ఎవరైనా అలా అంటారా? ఆ రాత్రి నిద్ర లేదు. గడుగ్గాయి గారు చెప్పిందే అనుకున్నాను. అయిదు వారాలు అలాగే నలిగాను.

గడుగ్గాయి:
చూశారా, చెప్పానా!

మందారం:
ఆగండి. చివరికి తేలింది ఏమిటంటే ఆయన ఉద్యోగం పోయింది. పొద్దున్నే తయారై బయటికి వెళ్ళిపోతున్నాడు, ఎక్కడికో నాకు తెలియదు, వాళ్ళకు తెలుసు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అన్నీ అతుకుతున్నాయి. బిల్లు మమ్మల్ని కట్టనిచ్చేవాళ్ళు కాదు. అంతకు ముందు ఎప్పుడు కలిసినా వచ్చే సెలవులకు ఎక్కడికి పోదాం అన్న మాటే ఉండేది, అది మాయమైంది. ఒకతను అయితే "కొన్నాళ్ళు ఓపిక పట్టు" అన్నాడు. దేనికి ఓపిక అని అడిగితే మాట మార్చేశాడు.

నీలిమేఘం:
పద్యం తర్వాత ఇస్తాను. దంపతులతో మాట్లాడే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి ముందు ఒక మాట. మందారం గారికి జరిగిందీ సమస్యాపూరణమే. చేతికొచ్చింది నాలుగో పాదం ఒక్కటి. పై మూడూ ఆమె భయం పూరించింది. గడుగ్గాయి పద్యం, తేనెటీగ పద్యం రెండూ గణాలు తప్పకుండా అదే పాదంలో అతికాయి కదా? అతికినంత మాత్రాన నిజం కాదు.

ఆ నవ్వు వాళ్ళ దగ్గర మీకు చెప్పనిది ఏదో ఉందని మాత్రమే చెబుతుంది. అదేమిటో చెప్పదు. ఒక్కోసారి అదీ ఉండదు, అతను ఇంట్లో గొడవ గురించి వాళ్ళ దగ్గర తన వైపు కథ చెప్పుకుని ఉంటాడు, ఇక వాళ్ళకు మీతో ఎలా మసలాలో తెలియదు. మీరెప్పుడూ చెప్పని విషయం మీద సలహా వచ్చిందంటే నాకు మొదట తోచేది అదే.

మొహం చూసి కనిపెడతానంటారా, 2006లో బాండ్, డిపాలో అనే ఇద్దరు పరిశోధకులు అంతకు ముందు జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. ఎదుటివాళ్ళ మాట నిజమో అబద్ధమో మనుషులు సరిగ్గా చెప్పగలిగింది నూటికి 54 సార్లే. నాణెం ఎగరేసినా 50 వస్తుంది.

అందుకే మొహం వదిలేసి మార్పు ఆకారం చూడమంటాను. ఒకే రోజు నుంచి అందరూ మారారా, ఒక్కరేనా? అందరూ ఒకేసారి మారితే వాళ్ళకు ఒక కబురు అందింది. ఒక్కరే మారితే ఆ మనిషి సొంత గొడవ కావచ్చు, అతనికి మీ మీద మనసైనా పడి ఉండవచ్చు. రెండోది, రేపటి గురించి మీతో ఎలా మాట్లాడుతున్నారు? తేనెటీగ స్నేహితులు తేదీలు అడిగారు. మందారం గారి వాళ్ళు రాబోయే రోజుల ఊసే ఎత్తలేదు. ఇదీ రుజువు కాదు, కొంచెం మొగ్గు చూపిస్తుంది అంతే.

మందారం:
అక్కా, నేను ఆ సంచి మోసినతన్నే నిలదీశాను. తప్పా?

నీలిమేఘం:
అతను ఏం చేశాడు?

మందారం:
నాకేం చెప్పలేదు. పది నిమిషాల్లో మా ఆయనకు ఫోన్ చేశాడు. ఆయన ఇంటికి వచ్చీ రాగానే "నా వెనకాల విచారణలు మొదలెట్టావా" అని. ఉద్యోగం సంగతి పక్కకు పోయి, నేను అడగడం తప్పా ఒప్పా అన్నదాని మీద రెండు రోజుల యుద్ధం.

నీలిమేఘం:
అదే జరుగుతుంది. స్నేహితుడి మొదటి విశ్వాసం అతని పట్లే. అతన్ని అడిగితే మీ ప్రశ్న మీకంటే ముందు ఇంటికి చేరుతుంది. అడగాల్సింది భాగస్వామినే, అదీ తీర్పు లేకుండా: "ఆ రోజు పార్టీ నుంచి నీ స్నేహితులు నాతో వేరేగా ఉంటున్నారు. ఒకతను నా సంచి మోశాడు, ఓపిక పట్టమన్నాడు. నేను తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా?" దాచింది శుభవార్తే అయితే "ఉంది, మంచిదే, కొన్నాళ్ళు ఆగు" అనవచ్చు, గుట్టు చెడదు. "నీకన్నీ అనుమానాలే" అని వస్తే అది దేనికీ రుజువు కాదు గానీ, మీ ప్రశ్నకు జవాబూ కాదు. వారం పోయాక మళ్ళీ అడగండి.

ఒక్క చోట మాత్రం ఈ మాట వెనక్కి తీసుకుంటాను. ఇంట్లో మనిషంటేనే మీకు భయమైతే, చెయ్యి చేసుకునేవాడైతే, ఆ ఆప్యాయత మీ గురించిన ఆందోళన కావచ్చు. అప్పుడు అతన్ని కాదు, ఆ స్నేహితుల్లో మీరు నమ్మేవాళ్ళను ఒంటరిగా అడగాలి.

మాస్టారు:
మందారం గారూ, మొదటి పాదంలో 'పా'కి 'రొ' యతి కుదరదు. 'నన్ను' అని మొదలెట్టి చివర 'చెలియ' అంటే మనిషి మారిపోయింది. ఇలా చూడండి:

*మాటలాగె తాను మందిలో చేరగ*
*వెనుక తనను చూచి వేడ్కతోడ*
*కౌగిలించినారు కడు కూర్మి మీరగ*
*చెలిమి నవ్వు చూచి చెలియ బెదరె*

చిలిపిగువ్వ:
నేను ప్రశ్నే తప్పు చదివినట్టున్నాను. చెలియ అంటే స్నేహితురాలు అనుకుని రాసేశాను.

*గుట్టు మోయు కతన కొంకుచు నిల్చిన*
*నేస్తమొకతె తాను నిజము జెప్ప*
*లేక బదులు పలుకలేక తడబడుచు*
*చెలిమి నవ్వు చూచి చెలియ బెదరె*

మాస్టారు:
తప్పు చదవడం కాదమ్మా, మాకు తట్టనిది చదివారు. ఇక్కడ నవ్వింది ఏమీ తెలియని భార్య, బెదిరింది గుట్టు మోస్తున్న స్నేహితురాలు. 'నేస్తమొకతె' అన్నాక మళ్ళీ 'చెలియ' అనడం కాస్త బరువే. అయినా ఉండనిద్దాం.

పాతకలం:
నేను ఒప్పుకోను. సందర్భం భార్య వైపు నుంచి ఇచ్చారు, ఇది సమస్యను తిప్పేయడం.

మందారం:
నాకు మాత్రం ఇది చదివాక ఆ సంచి మోసినతని మొహం గుర్తొచ్చింది. అయినా కోపం పోలేదు. నా ఇంటి సంగతి నాకంటే ముందు ముగ్గురికి తెలియడం ఏమిటి?

నీలిమేఘం:
దానికి నా దగ్గర పూరణ లేదు.

గడుగ్గాయి:
మాస్టారూ, సవరించాను.

*ప్రియుని తప్పు తెలిసి పెదవి బిగించిన*
*వాని మిత్రులెల్ల వచ్చి చేరి*
*జాలి పడుచు నవ్వ సంగతి తెలియక*
*చెలిమి నవ్వు చూచి చెలియ బెదరె*

మాస్టారు:
బెదురుకు ఇప్పుడు చోటు దొరికింది. కానీ మొదటి పాదంలో తీర్పు అలాగే ఉంది. దాన్ని కూడా కదిలిస్తే?

గడుగ్గాయి:
అది మార్చను మాస్టారూ. చెలియ స్థానంలో నన్ను పెట్టి చదవండి. ఆమె స్నేహితులు నాతో మాట్లాడిన చివరి ఆరు నెలలూ ఆ పాదంలోనే ఉన్నాయి.

మాస్టారు:
సరే. ఉంచండి.