వెనక అట్ట మీద రచయిత పరిచయం: ఇన్ని ఫైళ్లలో ఎవరి దిద్దుబాటు ఉంచాలి?

కథా రచయిత్రి, విజయనగరం

నా తొలి కథల సంపుటి ప్రింటుకు వెళ్లాలి. వెనక అట్టకి 80 మాటల పరిచయం అడిగారు. నేను రాసినదాన్ని ముందుమాట రాసిన పెద్దాయన దిద్దారు, అమెరికాలో ఉన్న తమ్ముడు దిద్దాడు, ప్రచురణకర్త కుదించారు. మధ్యమధ్యలో నేనూ మార్చాను. ఇప్పుడు వాట్సాప్‌లో, మెయిల్‌లో కలిపి పదికి పైగా ఫైళ్లు ఉన్నాయి. parichayam_final.docx, parichayam_final_new.docx, ఇలాంటి పేర్లే అన్నీ. ఒక్కోదాంట్లో ఒక్కో వాక్యం బాగుంది. దేన్ని పట్టుకుని మొదలుపెట్టాలి?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

ఫైళ్లను Date modified ప్రకారం వరుసలో పెట్టండి మేడమ్. ఆఖరిదే లేటెస్ట్. దాన్ని Google Docsలో పెట్టి, ఇకపై అందరినీ అక్కడే దిద్దమనండి. File → Version historyలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కనిపిస్తుంది. మిగతావి డిలీట్ చేసేయొచ్చు.

ఉద్యోగార్థి, గుంటూరు

బయోడేటా ఒక్క పేజీ దాటకూడదండీ. ఫొటో పెట్టకపోతేనే మంచిది. హెచ్ఆర్ వాళ్లు అంతసేపు చదవరు.

ప్రూఫ్ రీడర్, విజయవాడ

గుంటూరు తమ్ముడూ, ఆవిడ అడిగింది పుస్తకం అట్ట గురించి, ఉద్యోగం గురించి కాదు.

హైదరాబాద్ సర్ చెప్పినట్టు ఇకపై ఒకేచోట దిద్దించడం మంచిదే. కానీ ఇప్పుడే ఏదీ డిలీట్ చేయకండి మేడమ్. ఆఖరి తేదీ ఉన్నది లేటెస్ట్ అనే లెక్క ఇక్కడ పనిచేయదు. మీ తమ్ముడు నిన్న పంపిన ఫైలు నిన్నటిదే కావచ్చు, కానీ ఆయన దిద్దడానికి తీసుకున్నది మీరు నెల కిందట పంపిన ఫైలైతే? ఆ మధ్యలో మీరు చేసిన సవరణలేవీ అందులో ఉండవు. పైగా వాట్సాప్ నుంచి దించుకున్న ఫైలుకి, దించుకున్న రోజే తేదీగా పడవచ్చు.

కాబట్టి ఏ ఫైలు దేన్నుంచి పుట్టిందో ముందు తేల్చాలి. దానికో చిన్న గుర్తు ఉంటుంది. మీరు కచ్చితంగా సరిచేసిన తప్పు ఒకటి గుర్తు తెచ్చుకోండి. ఆ తప్పు ఏ ఫైల్లో మళ్లీ కనిపిస్తే అది పాత ప్రతి నుంచి వచ్చిందన్నమాట. ఆ తర్వాత Wordలో Review → Compare తెరిచి, Original documentగా మీ మొదటి ప్రతిని, Revised documentగా ఒక్కొక్కరి ఫైలునీ ఇవ్వండి. తీసేసినవీ, కలిపినవీ రంగుల్లో వేరే ఫైలుగా వస్తాయి. అసలు ఫైళ్లు చెక్కుచెదరవు. తమ్ముడి ఫైలునీ ప్రచురణకర్త ఫైలునీ నేరుగా పోల్చకండి, ఎవరి మార్పు ఏదో తెలియక గజిబిజి అవుతుంది.

ఒక్క వాక్యం తీసుకుని అన్ని ఫైళ్లలో ఎలా ఉందో ఇక్కడ పెట్టగలరా?

కథా రచయిత్రి, విజయనగరం

పెడుతున్నాను సర్.

నా మొదటి ప్రతి: "పన్నెండేళ్లుగా ప్రభుత్వ పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నారు. ఒక వారపత్రిక పోటీలో కథ సాధారణ ప్రచురణకు ఎంపికైంది."

పెద్దాయనది: "వృత్తిరీత్యా ఉపాధ్యాయిని. పోటీలో ఎంపికైన కథతో సాహితీలోకం దృష్టిని ఆకర్షించిన సున్నిత మనస్కురాలు."

తమ్ముడిది: "పన్నెండేళ్లుగా ఉపాధ్యాయినిగా సేవలందిస్తూ, కథల పోటీల్లో బహుమతులు అందుకున్న బహుముఖ ప్రజ్ఞాశాలి."

ప్రచురణకర్తది: "ప్రభుత్వ పాఠశాలలో సైన్స్ టీచర్‌గా పనిచేస్తూ కథలు రాస్తున్నారు. పోటీలో బహుమతి పొందారు."

మీరన్న గుర్తు కూడా దొరికింది. పన్నెండేళ్లు అని రాసింది రెండేళ్ల కిందట, ఒక సాహిత్య సభ కోసం. తర్వాత దాన్ని "2012 నుంచి" అని మార్చాను. తమ్ముడి ఫైల్లో మళ్లీ పన్నెండేళ్లే ఉంది.

ప్రూఫ్ రీడర్, విజయవాడ

అయితే తమ్ముడిది పాత ప్రతే. ఆ ఫైలు మొత్తాన్నీ తీసుకోకుండా, అందులో నచ్చిన మాటలుంటే వాటినే తెచ్చుకోండి. "2012 నుంచి" అన్న మీ సవరణ చాలా మంచిది. పుస్తకం అట్ట పదేళ్ల తర్వాత కూడా చదువుతారు. ఏళ్ల లెక్క రాస్తే మరుసటేడే తప్పవుతుంది.

ఇక అసలు ప్రమాదం రెండో వాక్యంలో ఉంది. సాధారణ ప్రచురణకు ఎంపికైన కథ, పెద్దాయన చేతిలో "ఎంపికైన కథ" అయింది. తమ్ముడి చేతిలో "బహుమతులు" అయింది. ప్రచురణకర్త దాన్ని పొదుపు చేసి "బహుమతి" దగ్గర ఆపారు. ఎవరూ కావాలని అబద్ధం రాయలేదు. ఒక్కొక్కరు వాక్యాన్ని కాస్త నున్నగా చేశారు, అంతే. కానీ ఆ ఏడాది నిజంగా బహుమతి పొందిన వాళ్లు మీ అట్ట చదువుతారు. ఇలాంటిది ఒక్క ఫైలు చూస్తే పట్టుబడదు, అన్నీ వరుసగా పెడితేనే కనిపిస్తుంది.

అందుకే మాటలు ఎంచుకునే ముందు ఒక కాగితం మీద విషయాలు మాత్రమే రాసుకోండి: ఊరు, ఉద్యోగం మొదలైన ఏడాది, చెప్పే సబ్జెక్టు, ఏ పోటీ, ఏ ఏడాది, అందులో కథకు సరిగ్గా దక్కిందేమిటి. పత్రిక కటింగ్, అపాయింట్‌మెంట్ ఆర్డర్ చూసి రాయండి, జ్ఞాపకం మీద కాదు. ఆ కాగితంతో సరిపోలని మార్పు ఎంత అందంగా ఉన్నా, ఎవరు చేసినా తీసేయాల్సిందే.

మిగిలిన మార్పులకు నేను చూసేది, పోయిందేమిటి, వచ్చిందేమిటి అని. "జీవశాస్త్రం" తీసి "సైన్స్" పెడితే మాటల లెక్క తగ్గలేదు, మీ కథల్లో పొలం, పురుగు, పంట ఉంటే ఆ సంబంధం మాత్రం పోయింది. మీ మాటే ఉంచండి. అదే ప్రచురణకర్త "పనిచేస్తూ కథలు రాస్తున్నారు" అని రెండు సంగతులూ ఒక వాక్యంలో కలిపారు. చోటు మిగిలింది, పోయిందేమీ లేదు. అది తీసుకోండి. "బహుముఖ ప్రజ్ఞాశాలి" ఎవరి అట్ట మీద పెట్టినా సరిపోతుంది కాబట్టి అక్కర్లేదు.

అన్నీ కలిపితే: "2012 నుంచి ప్రభుత్వ పాఠశాలలో జీవశాస్త్రం చెబుతూ కథలు రాస్తున్నారు." పోటీ సంగతి 80 మాటల్లో పడితే ఉన్నదున్నట్టు రాయండి, పట్టకపోతే వదిలేయండి.

నాట్య గురువు, డల్లాస్

మా అకాడమీలో ఇదే బాధ. ఒక సభవాళ్లు 50 మాటలు అడుగుతారు, ఇంకొకరు 150. ప్రతిసారీ కిందటిసారి కుదించినదాన్నే మళ్లీ కుదించి, పెంచమంటే ఏదో కలిపేవాళ్లం. చివరికి మా గురువుగారి పేరే జారిపోయింది. ఇప్పుడు పెద్ద ప్రతి ఒకటే తల్లి ప్రతి. ఏ సైజు కావాలన్నా అందులోంచే కోస్తాం. చిన్న ప్రతిని సాగదీసి పెద్దది చేయం.

డీటీపీ ఆపరేటర్, వరంగల్

మీ అట్ట అను ఫాంట్లలో కంపోజ్ చేస్తుంటే ఇంకో సంగతి మేడమ్. మా దగ్గర్నుంచి తిరిగొచ్చిన మ్యాటర్‌ని Wordలో Compare చేస్తే పేజీ మొత్తం రంగులే వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. కన్వర్ట్ చేసినా, కంటికి ఒకేలా ఉన్న మాటలు కొన్ని వేరుగా చూపిస్తుంది. పొల్లుతో ఆగే మాట చివర కనిపించని నాన్-జాయినర్ అక్షరం ఉండిపోవడం వల్ల ఎక్కువగా ఇలా అవుతుంది. అలాంటివి మార్పులని కంగారు పడకండి. అట్ట ప్రూఫ్‌ని మాత్రం ప్రింటు తీసి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు ఒరిజినల్ చూసుకోవాలి. చివరి నిమిషంలో మా సిస్టమ్‌లో చేయించిన దిద్దుబాటు మీ Word ఫైల్లోకి దానంతటది రాదు. అదే రోజు మీరు అందులో ఎక్కించుకోకపోతే రెండో ముద్రణకి పాత తప్పు మళ్లీ వస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

ఏ ఫైలు దేన్నుంచి పుట్టిందనేది నేను ఆలోచించలేదు సర్, నిజమే. మేడమ్, తల్లి ప్రతిని Docsలో పెట్టాక Version historyలో Name current version నొక్కి "అట్టకు పంపినది" అని పేరు పెట్టండి. మిగతావాళ్లకి Commenter అనుమతి ఇస్తే వాళ్ల మార్పులు సూచనలుగానే పడతాయి. ఒప్పుకోవడం, వద్దనడం మీ చేతిలో ఉంటుంది.

కథా రచయిత్రి, విజయనగరం

విషయాల కాగితం రాశాను. పోటీ జరిగిన ఏడాది కూడా రెండు ఫైళ్లలో తప్పుగా ఉంది, పత్రిక తీసి చూశాను. ఒక్కటే తేలడం లేదు. పెద్దాయన రాసిన "సున్నిత మనస్కురాలు" తీసేస్తే ఆయన నొచ్చుకుంటారేమో.

ప్రూఫ్ రీడర్, విజయవాడ

పరిచయంలో వద్దు. అది ఆయన అభిప్రాయం, ముందుమాటలో ఆయన పేరు కిందే ఉంటే అందం. ప్రింటుకు ముందే ఫోన్ చేసి చెప్పండి.

నాట్య గురువు, డల్లాస్

నేనైతే ఉంచుతానమ్మా. ఆ ఒక్క మాట వల్ల ఏ విషయమూ తప్పు కావడం లేదు. అంత పెద్దాయన ఇష్టంగా రాసినది కదా.

కథా రచయిత్రి, విజయనగరం

రేపు సాయంత్రం ఆయన్నే అడుగుతాను. అట్ట ప్రూఫ్ ఎల్లుండి వస్తుంది.